పాలసీ చదవడం నేర్చుకుందాం – 4: పీజీ గదిలో పోయిన లాప్‌టాప్‌కి ఇంటి పాలసీ వర్తిస్తుందా?

పోయిన పాఠంలో చూసిన షెడ్యూల్ పేజీని మళ్లీ తీయండి. ఈసారి బీమా చేసిన ఇంటి చిరునామా ఉన్న గడి దగ్గర మొదలుపెడదాం.

మా మేనల్లుడు అమీర్‌పేటలో పీజీలో ఉంటాడు. గదికి ముగ్గురు. ఒకరోజు పొద్దున తలుపు దగ్గరగా వేసి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి మంచం మీద ఛార్జర్ వైరు ఒక్కటే ఉంది. 62,000 రూపాయల లాప్‌టాప్ పోయింది. మధ్యాహ్నానికి ఖమ్మం నుంచి చెల్లి ఫోన్. "అన్నయ్యా, ఇంటికి ఇన్సూరెన్స్ కడుతున్నాం కదా, అందులో రాదా? సామానుకి ఆరు లక్షలని రాసుంది." పీడీఎఫ్ పంపమన్నాను.

అది భారత్ గృహ రక్ష పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకు అమ్ముతున్న ప్రామాణిక పాలసీ ఇదే కాబట్టి మీ ఇంట్లోనూ ఇదే ఉండొచ్చు. ఇంటి కట్టడానికి బీమా చేయిస్తే, అందులో 20 శాతం దాకా సామానుకూ దానంతట అదే రక్షణ వస్తుంది. గరిష్ఠం 10 లక్షలు. వాళ్ల ఇంటికి 30 లక్షలు కాబట్టి సామానుకి 6 లక్షలు. చెల్లి చెప్పిన లెక్క సరైనదే.

కానీ అంకె చూసి ఆగకూడదు. నిర్వచనాల పేజీలో 'ఇంటి సామాను' అంటే ఏమిటో చూడండి. 'మీ ఇంట్లో ఉన్న' వస్తువులు అని ఉంటుంది. ఆ ఇల్లు ఏదో షెడ్యూల్లోని చిరునామా చెబుతుంది: ఖమ్మం. ఇక మినహాయింపుల పేజీకి వెళ్తే, ఇంటి నుంచి వేరే చోటికి తీసుకెళ్లిన వస్తువుకు జరిగిన నష్టం చెల్లించం అన్న వాక్యం దొరుకుతుంది. వస్తువు ఎవరిది, డబ్బు ఎవరు పెట్టారు అన్న ప్రశ్నే రాలేదు చూడండి. వస్తువు ఎక్కడుంది అన్నదే లెక్క. కొడుకు రేషన్ కార్డులో ఉన్నాడని వాదించి లాభం లేదు.

ఇంకో మెలిక ఉంది. లాప్‌టాప్ ఖమ్మం ఇంట్లోనే పోయిందనుకుందాం. అప్పుడైనా వస్తుందా? ఈ పాలసీలో దొంగతనం విడిగా లేదు. అగ్నిప్రమాదం, వరద లాంటి బీమా ఉన్న సంఘటన జరిగి, దానివల్ల 7 రోజుల్లోపు జరిగిన దొంగతనానికే డబ్బు. మామూలు రోజున మామూలు దొంగ వస్తే రాదు. నన్నడిగితే, ఇంటి పాలసీ అమ్మేటప్పుడు మొదట చెప్పాల్సిన మాట ఇదే. ఎవరూ చెప్పరు.

మరి దారి? కొన్ని కంపెనీల ప్యాకేజీ పాలసీల్లో 'ఆల్ రిస్క్' అనో, 'పోర్టబుల్ ఎక్విప్‌మెంట్' అనో ఒక విభాగం ఉంటుంది. అందులో వస్తువును మోడల్, సీరియల్ నంబర్, విలువతో సహా విడిగా రాయిస్తే, ఇంటి బయట కూడా రక్షణ ఉంటుంది. ప్రీమియం కట్టేముందు ఆ విభాగంలో మూడు సంగతులు చదవాలి. ఒకటి, భౌగోళిక పరిధి: భారతదేశమంతటా అని ఉందా? రెండు, 'కుటుంబం' నిర్వచనం. 'మీతో కలిసి నివసించే' అని ఉంటే, పది నెలలు హాస్టల్లో ఉండే పిల్లాడి విషయం కంపెనీతో ఈమెయిల్లో రాయించుకోండి. ఏజెంటు ఫోన్లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున ఉండదు. మూడు, దొంగతనం ఎలా జరగాలన్న షరతు. 'బలవంతంగా ప్రవేశించి' అని ఉంటే తాళం పగిలిన గుర్తు చూపించాలి. మావాడిది దగ్గరగా వేసిన తలుపు! ఈ విభాగం ఉన్నా అక్కడే పడిపోయేది.

అమెరికాలో స్థిరపడినవాళ్లకు లెక్క వేరు. అక్కడ ఎక్కువగా వాడే హెచ్‌ఓ-3 ఇంటి పాలసీలో, అప్పటిదాకా ఇంట్లో ఉండి చదువుకోసం వెళ్లిన, 24 ఏళ్లలోపు పూర్తికాల విద్యార్థిని ఇంటి సభ్యుడిగానే చూస్తారు. వేరే నివాసంలో ఉన్న సామానుకి సాధారణంగా మొత్తం సామాను బీమాలో 10 శాతం పరిమితి. ఇక్కడి నుంచి వెళ్లిన విద్యార్థికి ఇది అక్కరకు రాదు, తల్లిదండ్రుల ఇల్లు అక్కడ లేదు కాబట్టి. అద్దెకుండేవాళ్ల రెంటర్స్ పాలసీ విడిగా తీసుకోవాల్సిందే.

ఈ వారం అభ్యాసం: మీ పాలసీలో 'ఇంటి సామాను' నిర్వచనాన్నీ, 'వేరే చోటికి తీసుకెళ్లిన' అన్న మినహాయింపునూ వెతికి నోట్‌బుక్‌లో రాయండి. పిల్లల లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫోటో, ఫోన్లో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు, బిల్లు మీ దగ్గర ఉంచుకోండి. ఎఫ్ఐఆర్‌లో రాయించాల్సింది ఆ నంబర్లే. వచ్చే పాఠంలో పీజీ గోడ మీద వేలాడే 'వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు' అన్న బోర్డును చదువుదాం.