పొదుపు లెక్కలు – నాలుగో పాఠం: ఎఫ్‌డీ సొమ్ము ఫండ్‌లోకి మార్చాలా?

గత పాఠంలో మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిస్తే ఏమవుతుందో చూశాం. ఈసారి ఆ లెక్కను ముందు పెట్టుకుని ఒక నిర్ణయం తీసుకోవడం నేర్చుకుందాం. పాఠం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాంకు మేనేజర్ డిపాజిటర్ల ముందు మాట్లాడుతున్నట్టుగా ఉంటుంది. మీ ఎఫ్‌డీ రసీదు, ఒక కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

"అందరికీ నమస్కారం. కౌంటర్ దగ్గర ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట ఒకటుంది. 'ఎఫ్‌డీలో ఏడు శాతమే వస్తోంది, మ్యూచువల్ ఫండ్‌లో పన్నెండు వస్తుందంటున్నారు, తీసేసి అందులో వేయమంటారా?' అని. ఈ ఏడు, ఆ పన్నెండు ఒక జాతి అంకెలు కావు. ఏడు మీ రసీదు మీద రాసి ఉంది, బ్యాంకు ఇచ్చి తీరాలి. పన్నెండు గడిచిన ఏళ్ల సగటు. వచ్చే ఏడాది ముప్పై రావచ్చు, మైనస్ ఇరవై కావచ్చు.

ముందు ఏడు సంగతి తేలుద్దాం. రేటు ఉదాహరణకే, ఇవాళ్టి రేటు బోర్డు మీద చూసుకోండి. మూడు నెలలకోసారి వడ్డీ కలుస్తుంది కాబట్టి లక్ష రూపాయలకు ఏడాదికి 7,186 వస్తుంది. మీరు ఇరవై శాతం పన్ను శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 1,495 పోతుంది, చేతిలో 5,691 మిగులుతుంది. ముప్పై శాతం శ్లాబు అయితే 4,944. ఏడాదిలో ధరలు ఐదు శాతం పెరిగాయనుకోండి, మొదటివారికి మిగిలింది ఏడు వందల లోపే, రెండోవారికి ఏమీ లేదు. కానీ కొత్త పన్ను విధానంలో జీతమో పెన్షనో వడ్డీతో కలిపి 12 లక్షలు దాటకపోతే పన్నే పడదు. అలాంటి పెద్దవాళ్లకు ఆ 7,186 మొత్తం వాళ్లదే. 'ఎఫ్‌డీ దండగ' అని పక్కింటాయన అన్నాడంటే అది ఆయన శ్లాబు లెక్క, మీది కాదు.

ఇప్పుడు షేర్లు. సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేల దగ్గర ఉంది. 2009 మార్చికి ఎనిమిది వేల చిల్లరకు పడింది. తిరిగి 21 వేలు చూసింది 2010 నవంబరులో. ఆ జనవరిలో సెన్సెక్స్‌లోని కంపెనీల షేర్లే కొనే ఇండెక్స్ ఫండ్‌లో ఆరు లక్షలు వేసినవారి సొమ్ము మరుసటి ఏడాది మార్చికి రెండున్నర లక్షల లోపు. ఆగగలిగినవారికి తిరిగొచ్చింది. మధ్యలో కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చి అమ్మినవారికి రాలేదు. అందుకే అయిదేళ్ల లోపు ఖర్చు పెట్టాల్సిన డబ్బు షేర్లలోకి గానీ ఈక్విటీ ఫండ్లలోకి గానీ వెళ్లకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

షేరుకూ ఫండ్‌కూ తేడా మన ఊరివాళ్లకు బాగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్కరోజులో 78 శాతం పడిపోయింది. అదే రోజు సెన్సెక్స్ పడింది ఏడు శాతం చుట్టూ. మొత్తం సత్యంలోనే పెట్టుకున్నవారికీ, చాలా కంపెనీల్లో అదొకటిగా ఉన్న ఫండ్‌లో పెట్టినవారికీ ఆ రోజు తేడా అదే.

సరే, చేతిలో పది లక్షలున్న కుటుంబం ఒకటి అనుకుందాం. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరింది. ఈ ఏడాది ఫీజు కట్టేశారు, ఇంకో మూడేళ్లు ఏటా ఆగస్టులో రెండేసి లక్షలు కావాలి. ఆసుపత్రికీ అనుకోని ఖర్చులకూ రెండు లక్షలు చేతికి అందేలా ఉండాలి. మిగిలిన రెండు లక్షలతో పదిహేనేళ్ల దాకా పనిలేదు.

చాలామంది ఇక్కడ చేసే పని, ఫీజుల ఆరు లక్షలకూ ఒకే ఎఫ్‌డీ, మూడేళ్లకు, ఏడు శాతానికి. ఏడాది తిరగ్గానే రెండు లక్షల కోసం దాన్ని మధ్యలో మూసేస్తారు. అప్పుడు బ్యాంకు ఏడు శాతం ఇవ్వదు. మీరు డిపాజిట్ చేసిన రోజున ఏడాది గడువుకు ఎంత రేటు ఉందో అది చూస్తుంది. 6.5 అనుకోండి. అందులోంచి జరిమానాగా ఒక శాతం తీసేస్తే 5.5. ఆరు లక్షలకు 43,115 రావాల్సిన చోట 33,687 వస్తుంది. అవసరం రెండు లక్షలది, కోత ఆరు లక్షల మీద.

దానికి బదులు రెండేసి లక్షల మూడు రసీదులు చేయించుకోండి. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, ఒకటి మూడేళ్లకు. గడువు తేదీ ఫీజు తేదీకి రెండు వారాల ముందు పడేలా రోజుల్లో లెక్కకట్టించండి."

"సార్, పోయినసారి గడువు అయిపోయినా డబ్బు ఖాతాలో పడలేదు," అని ముందు వరుసలోంచి ఒకావిడ అంటారు.

"మీ రసీదు ఒకసారి ఇటివ్వండమ్మా. ఇదిగో, కింద 'ఆటో రెన్యూవల్' అని ఉంది చూడండి. దరఖాస్తులో ఆ గడిలో టిక్ పెట్టారు, అందుకే గడువు రోజున మళ్లీ అంతే కాలానికి తిరగరాసుకుంది. ఫీజుల ఎఫ్‌డీకి ఆ గడి వదిలేసి, గడువు తీరగానే పొదుపు ఖాతాలో జమ చేయాలన్న దాని మీద టిక్ పెట్టండి. గడువుకు ముందే అవసరం పడితే రసీదు మూయకుండా దాని మీద అప్పు అడగండి. ఎఫ్‌డీ రేటు కంటే సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడుకున్న రోజులకే. రెండు మూడు నెలల అవసరమైతే మూయడం కంటే ఇదే చవక.

ఫీజుల ఆరు, అవసరాల రెండు కలిపితే ఎనిమిది లక్షలయింది. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా ఇచ్చేది ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి అయిదు లక్షలే. రెండు బ్రాంచీల్లో వేస్తే రెట్టింపు కాదు, బ్యాంకే వేరుగా ఉండాలి. కాబట్టి సగం వేరే బ్యాంకులో పెట్టండి. మా బ్రాంచి టార్గెట్‌కు ఇది నష్టమే అయినా చెప్పడం నా బాధ్యత.

ఇక పదిహేనేళ్ల రెండు లక్షలు. వాటిని ఇండెక్స్ ఫండ్‌లో పెట్టవచ్చు. మా కౌంటర్‌లో కొంటే మీకు వచ్చేది రెగ్యులర్ ప్లాన్, అందులోంచి ఏటా బ్యాంకుకు కమీషన్ వస్తుంది. ఫండ్ కంపెనీ దగ్గర నేరుగా కొంటే డైరెక్ట్ ప్లాన్. తేడా ఏడాదికి ఒక శాతం అనుకుని చూడండి. రెండు లక్షలు పది శాతం చొప్పున పెరిగితే పదిహేనేళ్లకు 8.35 లక్షలు, పదకొండు చొప్పున అయితే 9.57 లక్షలు. ఈ రేట్లకు హామీ లేదు, కోత ఎంతవుతుందో తెలియడానికే ఈ లెక్క. ఫారాలూ నామినీ మార్పులూ మీరే చూసుకోగలిగితే డైరెక్ట్ తీసుకోండి. చేయిపట్టి నడిపించేవాళ్లు కావాలంటే రెగ్యులర్, కానీ ఎంత కడుతున్నారో అడిగి తెలుసుకుని తీసుకోండి. ఇది డిపాజిట్ కాదు, ఇందాక చెప్పిన బీమా దీనికి వర్తించదు."

అభ్యాసం: మీ పొదుపంతా ఒక కాగితం మీద రాసి, ఒక్కో మొత్తం పక్కన అది ఏ నెలలో, ఏ ఏడాదిలో కావాలో వేయండి. అయిదేళ్ల లోపు తేదీ ఉన్నవాటికి ఒక్కో తేదీకి ఒక్కో రసీదు చొప్పున పంచండి. తర్వాత మీ రసీదుల్లో అన్నిటికంటే పెద్దది తీసుకుని, ఇవాళే మూసేస్తే ఎంత రేటు ఇస్తారో బ్యాంకులో అడిగి, పైన చేసినట్టే కోత కట్టి చూడండి. అయిదో పాఠంలో ఫండ్ స్టేట్‌మెంట్‌ను పంక్తి పంక్తీ చదువుదాం.