ఆరు గంటల పెళ్లి వీడియోను మోడల్‌కు ఎలా చూపించాలి? ఫ్రేములు ఏరేటప్పుడు ఏం జారిపోతుంది?

మా చెల్లి పెళ్లి రికార్డింగ్ ఎడిటింగ్ చేయకుండా అలాగే ఉంది. సరిగ్గా ఆరు గంటలు. జీలకర్ర బెల్లం ఎక్కడుంది, సూత్రధారణ ఎక్కడుంది, తలంబ్రాలు ఎక్కడున్నాయి అని అమ్మ అడిగిన ప్రతిసారీ ముందుకీ వెనక్కీ జరుపుతూ వెతకాల్సి వచ్చేది. ఏ తంతు ఏ నిమిషంలో ఉందో ఒక జాబితా ఉంటే బాగుంటుందని, బొమ్మలు చూసి చెప్పగలిగే మోడల్‌తో ఆ పని చేయించాను. ఆరు గంటల వీడియోను మొత్తంగా చూడటం మోడల్‌కు కుదరదు. మనం ఏరి ఇచ్చిన కొన్ని ఫ్రేములనే చూస్తుంది. అందుకే ఫ్రేములు ఎలా ఏరామన్నదాన్ని బట్టే జాబితా నమ్మదగినదా కాదా అన్నది తేలుతుంది.

ముందు లెక్క వేసుకోండి

వీడియోలతో పనిచేసే ఉచిత సాధనం `ffmpeg`తో పాటు వచ్చే `ffprobe`తో వీడియో నిడివి సెకన్లలో తెలుసుకోండి:

```
ffprobe -v error -show_entries format=duration -of csv=p=0 pelli.mp4
```

నాకు 21,600 సెకన్లు వచ్చింది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 5,40,000 బొమ్మలు. కెమెరా రికార్డింగ్‌ను ముక్కలు ముక్కలుగా సేవ్ చేసి ఉంటే, ముందు వాటిని ఒకే ఫైలుగా కలపండి. లేకపోతే రెండో ముక్క నుంచి టైములన్నీ తప్పుతాయి.

ఇక మోడల్ వైపు. నేను ఇంట్లో కంప్యూటర్‌లోనే `Qwen2-VL` నడిపాను. మోడల్ మాటల్నీ బొమ్మల్నీ టోకెన్లనే చిన్న ముక్కలుగా చదువుతుంది. దానికి ఒకేసారి 32,000 టోకెన్లు ఇచ్చేలా పెట్టుకున్నాను. ప్రశ్నకూ జవాబుకూ 3,200 పక్కన పెడితే బొమ్మలకు 28,800 మిగులుతాయి. ఈ మోడల్‌లో 28 పిక్సెళ్ల వెడల్పు, 28 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ఒక్కో గడికి ఒక టోకెన్ పడుతుంది. బొమ్మను 448×252కి తగ్గిస్తే అడ్డంగా 16 గడులు, నిలువుగా 9, మొత్తం 144 టోకెన్లు. పక్కన రాసే టైముకూ ఇతర గుర్తులకూ కలిపి ఇంకో 16 వేసుకుందాం. అంటే ఫ్రేముకు 160. 28,800ని 160తో భాగిస్తే 180 ఫ్రేములు. ఆరు గంటల్ని 180 భాగాలు చేస్తే రెండు నిమిషాలకు ఒక ఫ్రేమ్ వస్తుంది.

మీరు వాడే మోడల్‌లో బొమ్మకు పడే టోకెన్లు వేరుగా ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఆ రెండు నిమిషాల మధ్య ఏముందో చూడండి

ఫ్రేములు తీసే ముందే ఈ పని చేయాలి. ఒక సంఘటన ఎంతసేపు ఉంటుందో ఆ సెకన్లను ఫ్రేముల మధ్య ఎడంతో భాగించండి. అది ఫ్రేములో పడే అవకాశం ఎంతో తెలుస్తుంది. తలంబ్రాలు పది నిమిషాలు సాగితే ఐదు ఫ్రేముల్లో కనిపిస్తాయి, దిగులు లేదు. మూడు ముళ్ళు వేయడానికి పట్టేది దాదాపు 20 సెకన్లు. 20ని 120తో భాగిస్తే ఆరింట ఒక వంతు. అంటే సూత్రధారణ అసలు ఏ ఫ్రేములోనూ పడకపోయే అవకాశమే ఎక్కువ. అడ్డుతెర జారే మూడు సెకన్లకైతే నలభైలో ఒక వంతు.

పెళ్లిలో అందరూ ఎదురుచూసే క్షణాలన్నీ ఇలా చిన్నవే. గంటసేపు సాగే మంత్రాలకు మాత్రం 30 ఫ్రేములు పోతాయి. అన్నింట్లోనూ అదే మండపం, అదే పంతులుగారు. ఎడం సమానంగా పెట్టి ఏరడంలో ఉన్న చిక్కు ఇదే. ఎక్కువసేపు సాగేదానికి ఎక్కువ చోటు దొరుకుతుంది, క్షణంలో అయిపోయేది జారిపోతుంది.

మొదటి విడత: మొత్తం వీడియో పలుచగా

`fps=1/120` అని ఒక్క మాటలో పెట్టి ఫ్రేములు తీయొచ్చు. కానీ అప్పుడు ఫైళ్లకు 1, 2, 3 అని వరుస నంబర్లు వస్తాయి, ఏ బొమ్మ ఏ సెకనుదో పేరులో ఉండదు. నేను ప్రతి రెండు నిమిషాల ముక్కకూ మధ్యలో ఉన్న సెకనుకు వెళ్లి, ఆ సెకనునే ఫైలు పేరుగా పెట్టాను:

```
for i in $(seq 0 179); do
  t=$((i*120 + 60))
  ffmpeg -nostdin -v error -ss $t -i pelli.mp4 \
    -frames:v 1 -vf scale=448:252 f_$(printf %05d $t).jpg
done
```

మోడల్‌కు ఇచ్చేటప్పుడు ప్రతి బొమ్మకు ముందు దాని టైమును గంటలు, నిమిషాలు, సెకన్లుగా రాయండి. అది లేకపోతే రెండు బొమ్మల మధ్య రెండు సెకన్లు గడిచాయో రెండు నిమిషాలు గడిచాయో మోడల్‌కు తెలిసే దారి లేదు.

దీంతో పెళ్లికి ఒక నమూనా చిత్రం వచ్చేసింది. ఎదురుకోలు, గౌరీపూజ, తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు అన్నీ దాదాపు సరైన చోట్లే పడ్డాయి. చిన్న క్షణాల సంగతి రెండో విడతలో తేలాలి.

రెండో విడత: ఎక్కడ దగ్గరగా చూడాలో ఎలా తెలుస్తుంది?

సన్నివేశం మారిన చోట ఫ్రేమ్ తీసే `select='gt(scene,0.3)'` అనే ఫిల్టర్ ఒకటుంది, చాలామంది ముందు దాన్నే పట్టుకుంటారు. ఎడిట్ చేసిన సినిమాకు అది బాగా పనిచేస్తుంది. పెళ్లి రికార్డింగ్‌లో కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉంటుంది కాబట్టి, తాళి కట్టినా ఆ ఫిల్టర్‌కు మార్పు కనిపించదు. పైగా ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ సన్నివేశం మారిందని అనుకుంటుంది. ఆ తప్పులు కూడా ఒకందుకు పనికొచ్చాయి. ఫ్లాష్‌లు గుంపుగా పడిన చోటే ముఖ్యమైనదేదో జరుగుతోందని అర్థం.

అంతకంటే మంచి ఆధారం శుభలేఖలో ఉంది. మా చెల్లి సుముహూర్తం రాత్రి 9 గంటల 42 నిమిషాలకు. రికార్డింగ్ మొదలైంది 7:25కి. అంటే జీలకర్ర బెల్లం 2 గంటల 17 నిమిషాల దగ్గర ఉండాలి. కెమెరా గడియారం కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి శబ్దంతో సరిచూసుకున్నాను. ముహూర్తానికీ తాళి కట్టేటప్పుడూ గట్టిమేళం మోగుతుంది కదా. బొమ్మలు మాత్రమే ఇచ్చినప్పుడు పూర్తిగా పోయేది ఈ శబ్దమే, దాన్ని మనమే వెనక్కి తెచ్చుకోవాలి:

```
ffmpeg -nostdin -i pelli.mp4 -vn -af ebur128 -f null - 2> shabdam.txt
```

ఈ ఫైలులో ప్రతి వరుసలో `t:` దగ్గర టైము, `S:` దగ్గర చివరి మూడు సెకన్ల శబ్ద తీవ్రత ఉంటాయి. నా ఫైలులో 2:17 దగ్గర ఒకసారి, మళ్లీ 2:38 దగ్గర ఒకసారి శబ్దం ఒక్కసారిగా పెరిగి అలాగే నిలిచింది. రెండోదే సూత్రధారణ అయ్యుండాలనుకుని 2:36 నుంచి 2:40 వరకు నాలుగు నిమిషాలు విడిగా తీశాను.

ఇప్పుడు చూడాల్సింది నాలుగు నిమిషాలే కాబట్టి బొమ్మను పెద్దది చేసుకోవచ్చు. 896×504 పెడితే 576 టోకెన్లు, టైముతో కలిపి 592. వెడల్పూ ఎత్తూ రెండూ రెట్టింపైతే టోకెన్లు నాలుగు రెట్లవుతాయి. ఇదే బడ్జెట్‌లో 48 ఫ్రేములు పడతాయి, అంటే ఐదు సెకన్లకు ఒకటి:

```
for t in $(seq 9360 5 9595); do
  ffmpeg -nostdin -v error -ss $t -i pelli.mp4 \
    -frames:v 1 -vf scale=896:504 d_$(printf %05d $t).jpg
done
```

మూడు ముళ్ళు 2:38:07 నుంచి 2:38:27 వరకు సాగాయి. ఈసారి నాలుగు ఫ్రేముల్లో దొరికాయి. మొదటి విడతలో ఆ దగ్గర తీసినవి 2:37:00, 2:39:00 ఫ్రేములు. ముళ్ళు ఆ రెండింటి మధ్యలో పడిపోయాయి.

మోడల్ చూసిందా, ఊహించిందా?

మొదటి విడతలోనే మోడల్ ‘వరుడు మూడు ముళ్ళు వేశాడు’ అని రాసింది. వేసే ఫ్రేమ్ దానికి ఇవ్వనే లేదు. 2:37లో మంగళసూత్రాల పళ్లెం, 2:39లో చెల్లి మెడలో తాళి కనిపించాయి. మధ్యలో ఏం జరిగి ఉంటుందో అది ఊహించింది. ఊహ నిజమే, కాబట్టి నాకు అనుమానం రాలేదు. అప్పుడు జడ పైకెత్తి పట్టుకున్నది ఎవరని అడిగితే ‘వరుడి అక్క’ అని చెప్పింది. ఆడపడుచు పట్టుకోవడం చాలా పెళ్లిళ్లలో చూస్తాం కాబట్టి నమ్మేలాగే ఉంది. రెండో విడత ఫ్రేముల్లో చూస్తే జడ పట్టుకున్నది మా పిన్ని.

అందుకే ఇప్పుడు రెండు పరీక్షలు తప్పనిసరిగా పెడుతున్నాను. మొదటిది, జవాబుకు ఆధారమైన ఫ్రేములు తీసేసి అదే ప్రశ్న మళ్లీ అడగడం. అవి లేకపోయినా అదే జవాబు అంతే ధీమాగా వస్తే, అది బొమ్మల్లోంచి వచ్చినది కాదు. రెండోది, మొదటి కమాండ్‌లో `+ 60` తీసేసి ఇంకో 180 ఫ్రేములు తీయడం. అప్పుడు 0, 120, 240 సెకన్ల దగ్గర బొమ్మలు వస్తాయి. రెండు జాబితాల్లోనూ ఉన్నవి నిలకడగా సాగిన తంతులు. ఒకదానిలోనే ఉన్నవాటి దగ్గరికి వెళ్లి కళ్లతో చూడాలి. రెండింట్లోనూ లేనంత మాత్రాన ఒక తంతు జరగలేదని అనుకోకూడదు.

లెక్కపెట్టే పనికి ఈ పద్ధతి సరిపోదు. సప్తపదిలో ఎన్ని అడుగులు వేశారని అడిగితే మోడల్ ఏడు అనే చెబుతుంది, ఐదు సెకన్లకో ఫ్రేమ్ ఇచ్చినా అంతే. నలభై సెకన్లలో అడుగులు లెక్కపెట్టాలంటే సెకనుకు కనీసం రెండు ఫ్రేములు కావాలి. అక్కడ నేను వీడియో పెట్టుకుని స్వయంగా లెక్కపెట్టాను. కదలిక ఎటు వైపన్నదీ ఒక్క ఫ్రేమ్‌తో తెలియదు. దండ వేస్తున్న చేయి, సర్దుతున్న చేయి ఒకేలా ఉంటాయి. అలాంటి చోట ఒకటి రెండు సెకన్ల ఎడంతో కనీసం మూడు ఫ్రేములు ఇవ్వండి.

అమ్మకు ఇచ్చిన జాబితాలో ప్రతి వరుస పక్కన ‘ఫ్రేములో ఉంది’ అనో ‘అంచనా’ అనో రాశాను. అడ్డుతెర జారే చోటు ఇంకా ‘అంచనా’గానే ఉంది. 2:17 చుట్టూ కూడా ఐదు సెకన్లకు ఒక ఫ్రేమ్ తీశాను. ఒక బొమ్మలో తెర ఉంది, తర్వాతి బొమ్మలో లేదు. ఆ ఐదు సెకన్లను ఈసారి సెకనుకు నాలుగు ఫ్రేముల చొప్పున తీయాలి.