డిశ్చార్జికి ముందే ఒక చీటీ
బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఒక్క అక్షరం తప్పు పడినా, సరిచేయించడానికి రోజులు పడుతుంది. మా చెల్లి పెద్దబాబుకి అదే జరిగింది. ఆధార్‌లో Lakshmi, సర్టిఫికెట్‌లో Laxmi.

ఆసుపత్రిలో పుడితే జనన వివరాలు రిజిస్ట్రార్‌కి పంపాల్సింది ఆసుపత్రివాళ్లే. అందుకే రెండో కాన్పుకి ఒక తెల్లకాగితం మీద తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, శాశ్వత చిరునామా, పుట్టిన తేదీ, సమయం చేర్చాం. రెండు ఆధార్ జిరాక్సులు జతచేసి రికార్డుల గదిలో ఇచ్చాం. ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు, పంపకముందే స్క్రీన్ మీద ఒకసారి చూపించమని అడిగాం. ఇంటిపేరు దగ్గర ఒక అక్షరం ఎగిరిపోయి ఉంది. అక్కడికక్కడే దిద్దారు.

పాపకి పేరు ఇంకా పెట్టలేదని ఆగొద్దు. ఆ గడి ఖాళీగా వదిలి నమోదు చేయించొచ్చు. ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుము ఉండదు.

ఇంట్లో కాన్పయితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, కుటుంబమే రిజిస్ట్రార్‌కి తెలపాలి. గడువు 21 రోజులు. అది దాటినా, పుట్టిన 30 రోజుల్లోపయితే ఆలస్య రుసుముతో చేస్తారు. అదీ దాటితే ఏడాదిలోపు జిల్లా రిజిస్ట్రార్ రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవాలి.