టైమ్‌షీట్ సందేశంలో కటుత్వం పోయిన విధం

పర్లాకిమిడిలోని మా తెలుగు బృందానికి మేనేజర్ గారు పంపిన "టైమ్‌షీట్లు రాలేదు శుక్రవారం 5 లోపు నింపండి!!!" అన్న సందేశం, అప్పటికే నింపినవారికి కూడా మందలింపులా తోచింది. "దయచేసి" చేర్చినా, నవ్వు బొమ్మ పెట్టినా ఫలితం లేకపోయింది.

ఆయన కోరగా నేను మొదట "రాలేదు" తరువాత చుక్క పెట్టాను. అది లేనందువల్ల, రానివి శుక్రవారపు షీట్లని కొందరు చదువుకున్నారు. తరువాత ఆశ్చర్యార్థకాలు తీసివేసి, కారణాన్ని ముందుకు తెచ్చి, ఎవరిని ఉద్దేశించామో స్పష్టం చేశాను:

"శనివారం క్లయింటుకు బిల్లు పంపాలి. కొందరి టైమ్‌షీట్లు ఇంకా రాలేదు. వారు శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు నింపగలరు. ఇప్పటికే నింపినవారికి ధన్యవాదాలు."

అన్నింటికంటే చివరి వాక్యమే నొచ్చుకున్నవారిని ఊరడించిందని నా అభిప్రాయం. అయితే మాది అందరూ పరిచయస్థులైన చిన్న బృందం. పెద్ద బృందాలలోనూ ఇంతే పనిచేస్తుందని అనలేను. ప్రతి వారం ఆలస్యం చేసేవారికి మాత్రం విడిగానే చెప్పవలసి వస్తోంది.