ఎంటీ హవల్దార్ అనుభవాన్ని హోస్కోటె గోడౌన్‌లో ఉద్యోగంగా మార్చుకోవడం ఎలా?

మా బావమరిది ఆర్మీ సర్వీస్ కోర్‌లో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరై వచ్చాడు. చివరి నాలుగేళ్లూ ఎంటీలో, అంటే యూనిట్ బళ్లు చూసే విభాగంలో ఉన్నాడు. బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఇల్లు తీసుకుని మూడు నెలలు ఉద్యోగాలు వెతికితే, ఫోన్ చేసిన వాళ్లందరూ అపార్ట్‌మెంట్లకి సెక్యూరిటీ సూపర్‌వైజర్ కావాలన్నవాళ్లే. తప్పు వాళ్లది కాదు, వీడి బయోడేటాలో మొదటి లైను "హవల్దార్, 17 సంవత్సరాల సర్వీసు, క్రమశిక్షణ గలవాడు" అని ఉంది. అది చదివినవాడికి గేటు తప్ప ఇంకేం గుర్తొస్తుంది?

ఆ బయోడేటాని ఇద్దరం కూర్చుని ఎలా మార్చామో చెప్తాను. మీది సప్లై అయినా స్టోర్స్ అయినా దారి ఇదే.

ముందు ర్యాంకు పక్కన పెట్టి, రోజులో ఏం చేశారో రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మామూలు రోజు ఒకటి గుర్తు చేసుకోండి. వాడు చెప్పింది ఇది: పొద్దున్నే 5 గంటలకి డ్యూటీ రోస్టర్, 32 బళ్లలో ఏవి నడుస్తున్నాయి, ఏవి వర్క్‌షాపులో ఉన్నాయి అనే లెక్క, 40 మంది డ్రైవర్లకి పనులు పంచడం, సాయంత్రం కార్ డైరీలు సరిచూసి ఏ బండి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో రాయడం. నెలకోసారి టైర్లు, బ్యాటరీలు, స్పేర్ల స్టాకు తనిఖీ.

ఇదే సివిల్‌లో చెప్పాలంటే: "32 వాహనాలు, 40 మంది డ్రైవర్ల రోజువారీ కేటాయింపు, ఫ్యూయల్ యావరేజ్ లెక్క, మెయింటెనెన్స్ షెడ్యూల్, స్పేర్ పార్టుల స్టాకు." ఇందులో ఒక్క పట్టాలం మాట కూడా లేదు, ఒక్క అబద్ధం కూడా లేదు. ఎంటీ, వీఓఆర్ లాంటి మాటలు హెచ్ఆర్ అమ్మాయికి అర్థం కావు, ఆమె అడగదు కూడా, పక్కన పెట్టేస్తుంది అంతే.

ఒక జాగ్రత్త: యూనిట్ పేరు, అది ఉన్న చోటు, ఫార్వర్డ్ ఏరియాలో స్టాకు ఎంత అన్నవి బయోడేటాలో వద్దు. "ఎత్తైన సరిహద్దు ప్రాంతంలో" అంటే చాలు.

తర్వాత ఒక్క ఉద్యోగ ప్రకటన తీసుకుని లైను లైనుగా జత చేయండి

యాభై చోట్లకి ఒకే బయోడేటా పంపడం మానేయండి. బెంగళూరు చుట్టూ గోడౌన్లు ఎక్కువగా రెండు వైపుల ఉన్నాయి: తుమకూరు రోడ్డు మీద నెలమంగల, దాబస్‌పేట, ఇటు పాత మద్రాసు రోడ్డు మీద హోస్కోటె. మేం హోస్కోటెలో ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ ప్రకటన ఒకటి తీసుకున్నాం. అందులో ఆరు పనులు రాశారు: టైముకి బండి పెట్టించడం, డ్రైవర్లతో మాట్లాడటం, డీజిల్ ఖర్చు, సరుకు ముట్టినట్టు సంతకం చేసిన కాగితాలు తెప్పించడం, సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు తీయడం, ఎక్సెల్‌లో రోజువారీ రిపోర్టు. మొదటి మూడూ వాడు రోజూ చేసినవే. నాలుగోది రసీదు వోచర్ల పనికి దగ్గరగా ఉంది. చివరి రెండూ రావు.

ఆరింటికి నాలుగు వస్తే అప్లై చేయొచ్చు. రెండే వస్తే ఆ పోస్టు మీది కాదు, వదిలేయండి.

ఇంకో సంగతి, హోస్కోటె కోలారు దారిలో ఉంది కాబట్టి అక్కడ తెలుగుతో చాలావరకు పని నడుస్తుంది, లోడింగ్ కుర్రాళ్లలో బిహార్, ఒడిశా వాళ్లు ఉంటారు, వాళ్లతో హిందీ కావాలి. మన పట్టాలం హిందీ అక్కడ నిజంగా పనికొస్తుంది, బయోడేటాలో భాషల దగ్గర తప్పకుండా రాయండి. కన్నడం మాత్రం నెమ్మదిగా అయినా నేర్చుకోవాల్సిందే.

రాని రెండింటిని, డబ్బు లెక్కని పట్టుకోండి

అసలు తేడా ఇక్కడుంది. మిలిటరీలో ఆర్డరొస్తే బండి వెళ్లాలి, ఎంతైందని మన స్థాయిలో ఎవరూ అడగరు. మొదటి ఇంటర్వ్యూలో వాణ్ని "ఒక ట్రిప్పుకి మీకు ఎంత పడేది?" అని అడిగితే, "సార్, టాస్క్ పూర్తయ్యేది" అన్నాడు. అక్కడితో అయిపోయింది.

వాడి దగ్గర కిలోమీటర్ల లెక్క ఉంది, దానికి రూపాయి తగిలించడమే మిగిలింది. ఒక లారీ నెలకి 4,800 కిలోమీటర్లు తిరిగి లీటరుకి 4 ఇస్తే 1,200 లీటర్లు తాగుతుంది. అదే 3.6కి పడిపోతే 1,333 లీటర్లు. డీజిల్ 90 రూపాయలనుకుంటే ఆ ఒక్క బండి మీదే నెలకి దాదాపు 12 వేలు ఎక్కువ. టైర్లలో గాలి తక్కువా, క్లచ్ పోయిందా, డీజిల్ ఎవరైనా తీస్తున్నారా అన్నది వెతికి పట్టుకోవడం వాడికి బాగా తెలుసు. రెండో ఇంటర్వ్యూలో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాడు.

ఈ-వే బిల్లు నేర్చుకోవడం కష్టమేం కాదు. మామూలుగా 50 వేలు దాటిన సరుకు కదిలితే అది ఉండాలి, మామూలు లారీకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది, 200 నిండకపోయినా మిగిలినదానికి ఇంకో రోజు ఇస్తారు. హైదరాబాదుకి 570 చిల్లర కిలోమీటర్లు కాబట్టి మూడు రోజులు. దారిలో బండి చెడిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఎక్సెల్‌కి నెల రోజులు రాత్రిపూట కూర్చుంటే సరిపోతుంది, ఫిల్టరూ పివట్ టేబులూ వస్తే సూపర్‌వైజర్ పనికి చాలు. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లయితే డీజీఆర్ రీసెటిల్‌మెంట్ కోర్సుల్లో లాజిస్టిక్స్ ఉందేమో చూసి ముందే పేరిచ్చుకోండి, బయటికొచ్చాక మాజీ సైనికులకి ఉద్యోగాలు చూపించే ఏడబ్ల్యూపీఓలో కూడా నమోదు చేసుకోండి.

"40 మందిని నడిపాను" అంటే సరిపోదు

గోడౌన్లలో కూలీలు చాలాచోట్ల కాంట్రాక్టర్ మనుషులు. సెలవు రద్దు చేసే అధికారం మీకు లేదు, గట్టిగా అరిస్తే రేపు పక్క గోడౌన్‌కి పోతారు. అందుకే ఇంటర్వ్యూలో ఇలాంటివి అడుగుతారు: "12 మంది రావాలి, 8 మందే వచ్చారు, సాయంత్రం ఆరుకి మూడు బళ్లు పోవాలి, ఏం చేస్తారు?" "అందరితో పని చేయిస్తాను" అన్నది జవాబు కాదు. ఏ బండికి కస్టమర్ దగ్గర టైం తప్పితే ఫైన్ పడుతుందో చూసి దాన్ని ముందు నింపిస్తాను, మూడోది ఆలస్యమవుతుందని నాలుగు గంటలకే చెప్పేస్తాను, ఆరు దాకా దాచను, కాంట్రాక్టర్‌కి ఈలోపు ఫోన్ చేస్తాను అని వరసగా చెప్పాలి. ఇలా మీకు నిజంగా జరిగిన సంఘటన ఒకటి ఉంటుంది, దాన్ని రెండు నిమిషాల్లో చెప్పేలా ఇంట్లో చెప్పి చూసుకోండి.

ఒప్పుకునే ముందు రెండు ప్రశ్నలు

పేరు "ఆపరేషన్స్ అండ్ అడ్మిన్" అని పెట్టి చివరికి గేటు దగ్గర కూర్చోబెట్టే చోట్లూ ఉన్నాయి. "రోజూ ఏ రిపోర్టు నా పేరు మీద వెళ్తుంది? స్టాకు తక్కువైతే ఎవరు జవాబు చెప్పాలి?" అని అడగండి. జవాబులో విజిటర్ రిజిస్టర్, సీసీటీవీ తప్ప ఇంకేం లేకపోతే అది సెక్యూరిటీ పోస్టే.

"మీకు పెన్షన్ వస్తుంది కదా" అని జీతం తగ్గించబోతారు. మా వాడు "అది అప్పుడు చేసిన పనికి సార్, ఇది ఇప్పుడు చేయబోయే పనికి" అన్నాడు, నవ్వుతూనే. సీటీసీ ఎంతని కాకుండా నెలకి చేతికెంత వస్తుందో, రాత్రి షిఫ్టుకి తిరిగి వెళ్లడానికి బండి ఇస్తారో లేదో ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. కేఆర్ పురం నుంచి హోస్కోటెకి అర్ధరాత్రి బస్సు దొరకదని వాడికి మొదటి వారంలోనే తెలిసింది.