యూట్యూబ్ నేర్చుకుందాం – 4వ పాఠం: పేరు చివర Topic అని ఉన్న చానెల్ ఎవరిది?

కిందటి పాఠంలో చానెల్ పేజీలో ఏయే భాగాలు ఉంటాయో చూశాం. ఈసారి ఒక గాయని పేరు వెతికినప్పుడు రెండు చానెళ్లు కనిపించాయనుకుందాం. ఒకదానికి ఆమె పేరు మాత్రమే ఉంది. రెండోదానికి పేరు పక్కన - Topic అని ఉంది. ఈ రెండోదాన్ని ఆమె పెట్టలేదు. అసలు మనిషెవరూ పెట్టలేదు, యూట్యూబ్ తనంతట తానే తయారు చేసింది.

అదెలాగంటే, గాయని పాటను మ్యూజిక్ కంపెనీ గానీ డిస్ట్రిబ్యూటర్ గానీ యూట్యూబ్‌కి పంపుతారు. ఆడియో ఫైలు, ఆల్బమ్ కవర్ బొమ్మ, పాట పేరు, గాయని పేరు, విడుదల తేదీ లాంటి వివరాలు అందులో ఉంటాయి. యూట్యూబ్ ఆ కవర్ బొమ్మనే కదలకుండా తెరమీద ఉంచి, ఆడియో కలిపి వీడియోగా మారుస్తుంది. దీన్ని ఆర్ట్ ట్రాక్ అంటారు. అలాంటివన్నీ గాయని పేరు మీద ఒకచోట చేర్చితే టాపిక్ చానెల్ అవుతుంది.

గుర్తుపట్టడానికి వీడియో కింద డిస్క్రిప్షన్ తెరిచి చూడండి. సాధారణంగా మొదటి వాక్యం, చివరి వాక్యం ఇలా ఉంటాయి:

```
Provided to YouTube by (డిస్ట్రిబ్యూటర్ పేరు)
...
Auto-generated by YouTube.
```

నాకైతే చానెల్ పేరుకంటే ఇదే నమ్మకమైన గుర్తు. పేరు చివర Topic అని ఎవరైనా తగిలించుకోవచ్చు కదా.

గాయని సొంత చానెల్‌లో ఆమె గానీ ఆమె టీమ్ గానీ లాగిన్ అవుతారు. ఏ వీడియో పెట్టాలో, ఏది తీసేయాలో, కామెంట్లకు ఏం జవాబివ్వాలో వాళ్లే నిర్ణయిస్తారు. రిహార్సల్ క్లిప్పులు, లైవ్‌లు అక్కడే వస్తాయి. టాపిక్ చానెల్‌కి లాగిన్ అయ్యేవాళ్లు లేరు కాబట్టి ఇవేవీ ఉండవు. అక్కడ ఎదురుచూసినా ఆమె మాట వినిపించదు.

మనుషులు లేకపోవడం వల్ల వచ్చే అసలు ఇబ్బంది పేర్ల దగ్గర. ఒకే పేరుతో ఇద్దరు గాయనులుంటే, పేరు చూసి పాటలు చేర్చే సిస్టమ్ ఇద్దరినీ ఒకే చానెల్‌లో కలిపేయవచ్చు. భక్తిపాటల మధ్య హఠాత్తుగా ర్యాప్ కనిపిస్తే అనుమానించాల్సిందే. అప్పుడు రెండు పాటల డిస్క్రిప్షన్లూ తెరిచి కంపెనీ పేర్లు, ఆల్బమ్ వివరాలు పోల్చండి. కంపెనీ వేరైనంత మాత్రాన గాయని వేరని తేల్చకండి, చాలామంది కంపెనీలు మారుస్తుంటారు. గొంతు కూడా విని చూడండి. తప్పు నిజమే అయితే, గాయని తన డిస్ట్రిబ్యూటర్‌కి చెప్పి సరిచేయించుకోవాలి.

కొందరు కళాకారులకు అఫీషియల్ ఆర్టిస్ట్ చానెల్ ఉంటుంది. పేరు పక్కన సంగీత స్వరం గుర్తు కనిపిస్తుంది. అందులో సొంత వీడియోలతో పాటు టాపిక్ చానెల్ పాటలు కూడా చేరతాయి.

అభ్యాసం: మీరు తరచూ వినే మూడు పాటలు తెరిచి, ఏది ఆర్ట్ ట్రాకో, ఏది కళాకారులే పెట్టిందో డిస్క్రిప్షన్ చూసి రాసుకోండి. అఫీషియల్ ఆర్టిస్ట్ చానెల్ ఎలా వస్తుందో 5వ పాఠంలో చూద్దాం.