జాతకంలో రెండో ఇంటినీ ఎనిమిదో ఇంటినీ కలిపి చదవడం ఎలా?

కొండపి దగ్గరి పల్లె నుంచి ఒక యువరైతు వచ్చి, మడతలు పడిన జాతకం కాగితం నా ముందు పెట్టాడు. దాని కింద బ్యాంకు నోటీసు ఉంది. "అయ్యగారూ, నాన్న పొలం నా చేతికి వస్తుందా, రాదా?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్నకు ధనస్థానమైన రెండో ఇల్లు ఒక్కటే చూసి జవాబు చెప్పకూడదు. నేను చూసే పద్ధతి అతని జాతకంతోనే చెబుతాను.

ముందు లగ్నం సరిచూసుకోండి. మన చక్రంలో రాశుల గడులు మారవు. "ల" అని గుర్తు పెట్టిన గడిని ఒకటిగా తీసుకుని గడియారం ముల్లు తిరిగే వైపుగా లెక్కపెట్టాలి. చాలామంది తమ రాశి నుంచి, అంటే చంద్రుడున్న గడి నుంచి లెక్కపెట్టి పొరబడతారు. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది. పుట్టిన సమయం ఆ మార్పుకు దగ్గరగా ఉంటే పది నిమిషాల తేడాకే ఇళ్లన్నీ జరిగిపోతాయి. అప్పుడు ఆసుపత్రి కాగితం తెప్పించుకుని చూడటం మంచిది.

ఈ అబ్బాయి 1994 మే చివరి వారంలో, ఉదయం తొమ్మిదిన్నరకు పుట్టాడు. కర్కాటక లగ్నం. రెండో ఇల్లు సింహం, దాని అధిపతి రవి. ఎనిమిదో ఇల్లు కుంభం, దాని అధిపతి శని.

ఇక ఈ రెండు ఇళ్లూ దేనిని చెబుతాయో విడివిడిగా పట్టుకోవాలి. రెండోది మన దగ్గర నిలిచే డబ్బు, కుటుంబం కూడబెట్టిన సొత్తు. ఎనిమిదోది మరొకరి చేతి మీదుగా వచ్చేది: వారసత్వం, బీమా, ఉమ్మడి ఆస్తి. భార్య తరఫు ధనం కూడా ఇక్కడే చూస్తాం, ఎందుకంటే ఏడో ఇంటికి ఇది రెండోది. అప్పుకు అసలు స్థానం ఆరోది. ఎనిమిదో ఇల్లు చూసి "నీకు అప్పులే" అని భయపెట్టేవారిని నేను ఒప్పుకోను. ఆరో అధిపతికి ఎనిమిదో ఇంటితో సంబంధం ఉంటేనే వారసత్వంలో బాకీ ఉందా అని వెతకాలి.

ఆ తర్వాత చూపులు చూడాలి. ఈ రెండు ఇళ్లూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒకదానిలో ఉన్న గ్రహం ఏడో దృష్టితో ఎదుటిదాన్ని తప్పక చూస్తుంది. ఈ జాతకంలో శని కుంభంలోనే, స్వక్షేత్రంలో ఉన్నాడు. అందువల్ల వారసత్వం పోదు, కానీ ఆలస్యంగా అందుతుంది. అక్కడి నుంచి సింహాన్ని చూస్తున్నాడు గనుక ఇంట్లో నిలవాల్సిన డబ్బు మీద ఉమ్మడి లెక్కల బరువు పడుతుంది.

అసలు విషయం గురువు దగ్గర ఉంది. తులలో ఉన్న గురువు అయిదో దృష్టితో కుంభాన్ని చూస్తున్నాడు. కర్కాటక లగ్నానికి గురువు తొమ్మిదో ఇంటికీ ఆరో ఇంటికీ అధిపతి. ఒకటి తండ్రి, ఇంకొకటి ఋణం. ఒకే గ్రహం రెండింటినీ మోసుకుని వారసత్వ స్థానాన్ని చూస్తోంది. తండ్రి సొత్తు, తండ్రి బాకీ కలిసి వస్తాయని నేను చదివాను.

రవి మాత్రం పదకొండో ఇంట, వృషభంలో ఉన్నాడు. శని మూడు, ఏడు, పది దృష్టులు మేషం, సింహం, వృశ్చికం మీద పడతాయి, వృషభం మీద పడవు. సంపాదనకు అడ్డు లేదు, నిలువకే అడ్డు. ఇదే మాట చెబితే అతను నోటీసు విప్పి చూపించాడు. తండ్రి 2020లో పోయారు. వేలంలో అమ్మిన పొగాకు డబ్బు ఖాతాలో పడగానే పాత బాకీ కింద జమ అయిపోతోంది.

జాతకం ఎన్ని ఎకరాలో చెప్పదు, ఎంత బాకీయో చెప్పదు. ఎవరి వాటా ఎంతో కూడా చెప్పదు. అతనికి చెల్లెలు ఉంది. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. దాన్ని ఏ గ్రహమూ తగ్గించదు. అందుకే పొలానికి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించమన్నాను. రిజిస్టరైన తాకట్టు అందులో కనిపిస్తుంది, కానీ నోటు మీద తెచ్చిన చేబదులు కనిపించదు. వాటి కోసం తండ్రి లెక్కల పుస్తకం వెతకమన్నాను. వారసులు తండ్రి అప్పుకు సాధారణంగా తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులని, ఆ సంగతి వకీలును అడిగి రూఢి చేసుకోమని చెప్పాను.

వారం తర్వాత ఈసీతో, చెల్లెలితో కలిసి వచ్చాడు. ఈసారి జాతకం తీయలేదు. తాకట్టు తేదీ, బాకీ మొత్తం ముగ్గురం కూర్చుని రాసుకున్నాం.